గర్భసంచి తీస్తే పోయే నొప్పి, తీసినా ఉండిపోయే నొప్పి

మేడమ్, నాకు 39 ఏండ్లు. మాది పరకాల దిక్కు, ఇప్పుడు హన్మకొండల ఉంటున్నం. ఇద్దరు పిల్లలు, రెండూ ఆపరేషన్ కాన్పులే. రెండోసారే పిల్లలు కాకుంట ఆపరేషన్ కూడా అయింది. మూడేండ్ల సంది నెలసరి ఎనిమిది రోజులు పోతున్నది, గడ్డలు గడ్డలు పడుతున్నయి. పొత్తికడుపు పిసికినట్టయితది. నెలసరికి మూడు నాలుగు రోజుల ముందు నుంచే నడుము, వెనుక భాగం గుంజుతయి. ఆ రోజులల్ల దొడ్డికి కూసుంటే కత్తితోని పొడిచినట్టుంటది. మా ఆయనతోని కలిసినా లోపల నొప్పే. పోయిన బతుకమ్మకు నెలసరి ఆగే గోలీలు పది రోజులు వేసుకున్న, ఆ పది రోజులు హాయిగ ఉంటి. ఆపినంక ఒక్కసారే వరదలెక్క పోయింది. మొదటి స్కానింగ్ల ఫైబ్రాయిడ్ అన్నరు. నాలుగు నెలలకు ఇంకో దగ్గర కింది నుంచి చేసిన్రు, అడినోమయోసిస్, కుడి అండాశయంల చాక్లెట్ సిస్ట్, ఎండోమెట్రియోసిస్ ఉండొచ్చని రాసిన్రు. ఒక డాక్టరమ్మ గర్భసంచి తీస్తే అన్నీ పోతయన్నది. ఇంకో సారు సిస్టు ఒక్కటి తీద్దామన్నడు. మూడో ఆమె గోలీలు రాసింది. మా అత్తమ్మ "పిల్లలైన్రు గదా, ఇంకెందుకు, తీయించెయ్" అంటది. ఈ రెండూ ఒక్కటే జబ్బా? తీస్తే నిజంగ అన్నీ పోతయా? రిపోర్టులు పంపుతున్న. రక్తం 8.4 ఉన్నది.
— పేరు వద్దు, హన్మకొండ

అమ్మా, మీ రిపోర్టులు రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివాను. మీకు ఉన్నది ఒక జబ్బు కాదు, రెండు. ముగ్గురు డాక్టర్లూ మూడు మాటలు చెప్పడానికి కారణం అదే. ఒక్కొక్కరూ ఒక్కో జబ్బును ముందు పెట్టుకుని మాట్లాడారు. ఎవరి మాటా తప్పు కాదు, కానీ ఏదీ పూర్తి జవాబు కాదు.

గర్భసంచి లోపల ఒక పొర ఉంటుంది. నెలనెలా మందమై, రాలి, నెలసరిగా బయటికి వచ్చేది అదే. ఆ పొర లాంటి కణజాలం గర్భసంచి కండరపు గోడలోకి దిగిపోతే అడినోమయోసిస్. మట్టిగోడలోకి చెమ్మ దిగినట్టు అనుకోండి. గోడ ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, కానీ ఫలానా చోట మొదలై ఫలానా చోట ఆగిందని గీత గీసి చూపలేము. అదే కణజాలం గర్భసంచి బయట, అంటే అండాశయం మీదో, గర్భసంచికీ మలద్వారపు పేగుకూ మధ్య ఉన్న సందులోనో, కడుపు లోపలి పొర మీదో ఉంటే ఎండోమెట్రియోసిస్. అక్కడా నెలనెలా వాచి, రక్తం కారుస్తుంది. ఆ రక్తానికి బయటికి దారి లేదు కాబట్టి చుట్టుపక్కల అవయవాలు బంకలా అంటుకుపోతాయి. అండాశయంలో అలా పాతరక్తం పేరుకుని ముదురు గోధుమ రంగుకు తిరిగితే దాన్నే చాక్లెట్ సిస్ట్ అంటారు.

రెండింటికీ ఈస్ట్రోజెన్ హార్మోనే మేత. మీరు బతుకమ్మకు వేసుకున్న గోలీలు ప్రొజెస్టరాన్ జాతివి. అవి ఆ మేతను అణచిపెట్టాయి కాబట్టి పది రోజులు హాయిగా ఉన్నారు. ఆపగానే ఆగిందంతా ఒక్కసారి రాలింది. ఇది చిన్న విషయంలా కనబడుతుంది గానీ, మీ ఒళ్లు ఈ రకం మందుకు స్పందిస్తుందని దాన్నుంచి నాకు తెలిసింది.

ఇప్పుడు మీ బాధల్ని విడదీద్దాం. ఎనిమిది రోజులు గడ్డలతో పోవడం, పొత్తికడుపు మధ్యలో పిసికినట్టు ఉండటం ఎక్కువగా గర్భసంచి గోడ నుంచి వస్తాయి. ఉబ్బిన కండరం సరిగా బిగుసుకోలేదు కాబట్టి రక్తం ఆగదు. నెలసరికి ముందే మొదలయ్యే నడుము గుంజుడు, ఆ రోజుల్లో మలవిసర్జన నొప్పి, కలిసినప్పుడు లోతున వచ్చే నొప్పి మాత్రం గర్భసంచి వెనక సందులో ఏదో అంటుకుని ఉందని చెబుతాయి. అది ఎండోమెట్రియోసిస్ పని. ఈ విభజన గీత గీసినంత కచ్చితం కాదు, కొన్ని నొప్పులు రెండింటికీ ఉంటాయి. కానీ మీ విషయంలో స్కానింగ్ కూడా ఇదే మాట చెబుతోంది.

మొదటి స్కానింగ్ పొట్ట మీద నుంచి చేసింది. వెనక గోడలో 3.5 సెంటీమీటర్ల ఫైబ్రాయిడ్ ఉండవచ్చని ప్రశ్న గుర్తు పెట్టి రాశారు. రెండోది యోని ద్వారా చేసింది. ప్రోబ్ గర్భసంచికి బాగా దగ్గరగా వెళ్తుంది కాబట్టి గోడ లోపలి వివరం అందులోనే తెలుస్తుంది. ఫైబ్రాయిడ్ అయితే ఉల్లిగడ్డలా గుండ్రంగా, చుట్టూ స్పష్టమైన అంచుతో, రక్తనాళాలు ఆ అంచు చుట్టూ తిరుగుతూ కనబడుతుంది. మీ రెండో రిపోర్టులో అంచు లేదు. వెనక గోడ 32 మిల్లీమీటర్లు, ముందు గోడ 17. గోడలో చిన్న చిన్న నీటి బుడగలు ఉన్నాయి, విసనకర్ర పుల్లల్లా నీడ చారలు ఉన్నాయి, రక్తనాళాలు ఆ చోటు గుండానే నేరుగా పోతున్నాయి. గోడలోని బుడగలు అడినోమయోసిస్‌కు నేరుగా సాక్ష్యం. ఎందుకంటే లోపలి పొర ముక్కలు గోడలో ఉన్నాయనడానికి అవే గుర్తు. గోడలు ఎగుడుదిగుడుగా ఉండటం, చారలు ఉండటం దానికి తోడు సాక్ష్యం మాత్రమే. గర్భసంచి ఆ నిమిషంలో బిగుసుకున్నా గోడ ఒక పక్క లావుగా కనబడుతుంది. అందుకే ఒక్క "గర్భసంచి పెద్దదైంది" అనే మాట చూసి ఎవరూ ఏ నిర్ణయానికీ రాకూడదు. మీ రిపోర్టులో రెండు రకాల సాక్ష్యాలూ ఉన్నాయి.

కుడి అండాశయం సంగతి. మొదటి రిపోర్టు చివరి లైన్లో, ఎవరూ మీకు చెప్పినట్టు లేదు గానీ, 3.4 సెంటీమీటర్ల సిస్ట్ అని ఉంది. నాలుగు నెలల తర్వాత అదే చోట 3.6. అండం విడుదలైనప్పుడు రక్తం నిండి వచ్చే మామూలు సిస్ట్ అయితే సాధారణంగా ఆరు నుంచి పన్నెండు వారాల్లో కరిగిపోతుంది. మీది కరగలేదు. లోపల ఒకే గది, మసక అద్దంలా సమంగా ఉన్న ద్రవం, గట్టి ముక్కలు గానీ లోపలికి రక్తప్రసరణ గానీ లేవని రాశారు. అది చాక్లెట్ సిస్ట్ రూపమే. గట్టి ముక్కలు, రక్తప్రసరణ లేవన్న మాట మీకు చాలా మంచి మాట. అవి ఉంటే నా జవాబు వేరేలా ఉండేది.

అన్నింటికన్నా ముఖ్యమైన లైను రిపోర్టులో అన్నింటికన్నా చిన్నది: "స్లైడింగ్ సైన్ నెగటివ్." స్కానింగ్ చేసే డాక్టర్ ప్రోబ్‌తో మెల్లగా నొక్కినప్పుడు గర్భసంచి, దాని వెనకున్న పేగు ఒకదాని మీద ఒకటి జారాలి, గంజి పెట్టని రెండు బట్టల మడతల్లాగా. మీకు జారలేదు. అంటే వెనక సందు అంటుకుపోయి ఉండే అవకాశం ఎక్కువ. మీరు చెప్పిన మలవిసర్జన నొప్పికి ఇది అచ్చంగా సరిపోతుంది. ఈ ఒక్క పరీక్ష ఆపరేషన్ ఎంత కష్టమో ముందే చెబుతుంది. దీన్ని చేసి, రాసిన డాక్టర్‌ను నేను మెచ్చుకుంటాను. చాలా రిపోర్టుల్లో ఇది ఉండదు.

ఒక మాట కూడా చెప్పాలి. కడుపు పొర మీద పలచగా చుక్కల్లా ఉండే ఎండోమెట్రియోసిస్ ఏ స్కానింగ్‌లోనూ నమ్మకంగా కనబడదు. అందుకే స్కానింగ్ మామూలుగా ఉందని ఎవరి నొప్పినీ కొట్టిపారేయకూడదు. సీఏ-125 రక్తపరీక్ష కూడా ఎవరో రాసినట్టున్నారు. అది ఈ రెండు జబ్బుల్లోనూ పెరగవచ్చు, నెలసరిలోనూ పెరుగుతుంది. ఒకదాన్నుంచి ఇంకోదాన్ని విడదీయడానికి అది పనికిరాదు. ఎక్కువ వచ్చిందని కాన్సర్ అనుకుని భయపడొద్దు.

ఎంఆర్ఐ అవసరమా అంటే, మందులతో నడపాలనుకుంటే ఇప్పుడే అక్కర్లేదు. ఆపరేషన్ మాట వస్తే మాత్రం తప్పనిసరి. అందులో రెండు విషయాలు తేలాలి. మొదటిది, గోడలోని జబ్బు లోపలి పొర వైపు నుంచి దిగిందా, లేక వెనక అంటుకున్న ఎండోమెట్రియోసిస్ బయటి వైపు నుంచి గోడలోకి పాకిందా. లోపలి పొరకూ కండరానికీ మధ్య నల్లటి పట్టీ ఒకటి ఎంఆర్ఐలో కనబడుతుంది. మామూలుగా అది పలచగా ఉంటుంది, 12 మిల్లీమీటర్లు దాటితే లోపలి నుంచి దిగిన అడినోమయోసిస్ అని అనుమానిస్తాం. ఆ పట్టీ మామూలుగా ఉండి, జబ్బంతా వెనక గోడ బయటి సగంలోనే ఉంటే అది బయట నుంచి వచ్చింది. రెండోది, పేగు గోడలోకి, మూత్రనాళం చుట్టూ ఏమైనా ఉందా. నెలసరి రోజుల్లో మాత్రం ఎంఆర్ఐ తీయించుకోకండి. అప్పుడు ఆ పట్టీ దానంతటదే లావెక్కి కనబడుతుంది. చీటీ మీద "ఎండోమెట్రియోసిస్ కోసం పెల్విస్ ఎంఆర్ఐ" అని స్పష్టంగా రాయించుకోండి. ఉత్త పెల్విస్ అని రాస్తే వెనక సందును అంత శ్రద్ధగా చూడకపోవచ్చు.

ఇక చికిత్స. ఏ దారి ఎంచుకున్నా మొదటి పని ఒకటే, మీ రక్తం. 8.4తో ఆపరేషన్ బల్ల ఎక్కకూడదు, కొన్ని మందులు మొదలుపెట్టడం కూడా మంచిది కాదు. ఇంత రక్తం పోతున్నప్పుడు ఐరన్ గోలీలతో ఎక్కడం ఆలస్యం, నరంలోకి ఇచ్చే ఐరన్ గురించి అడగండి. రక్తం ఎక్కువ పోయే రోజుల్లో ట్రానెక్సమిక్ యాసిడ్, సాధారణంగా పూటకు 1 గ్రాము చొప్పున రోజుకు మూడు పూటలు, నాలుగైదు రోజులు ఇస్తారు. కాళ్లలో గానీ ఊపిరితిత్తుల్లో గానీ రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉంటే అది వాడకూడదు, ముందే చెప్పండి. నలభైకి దగ్గరపడ్డారు, ఇన్నేళ్లుగా ఇంత రక్తస్రావం ఉంది కాబట్టి గర్భసంచి లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపడం, పాప్ పరీక్ష కూడా అడగండి. ఇవి కాకుండా ఎవరూ గర్భసంచి తీయడం గురించి మాట్లాడకూడదని నా గట్టి అభిప్రాయం.

మూడో డాక్టరమ్మ రాసిన గోలీ డైనోజెస్ట్ 2 మిల్లీగ్రాములు, రోజుకొకటి. ఎండోమెట్రియోసిస్‌కు చాలా మంచి మందు. నొప్పి తగ్గిస్తుంది, ఎక్కువమందిలో సిస్ట్ కూడా కొంత చిన్నదవుతుంది. అడినోమయోసిస్ నొప్పికీ పనిచేస్తుంది. కానీ మొదటి నెలల్లో రక్తం చెప్పాపెట్టకుండా, కొందరికి ఎక్కువగా పోతుంది. గర్భసంచి పెద్దదై, రక్తం తక్కువున్న మీలాంటివాళ్లకు ఆ ఇబ్బంది ఇంకా ఎక్కువ. రెండు నెలలకే "ఈ గోలీ పడలేదు" అని ఆపేసేవాళ్లు నా దగ్గరికి చాలామంది వస్తారు. మందు తప్పు కాదు, రక్తం సరిచేయకుండా మొదలుపెట్టడం తప్పు.

గర్భసంచిలో పెట్టే హార్మోన్ లూప్ ఇంకో దారి. "పిల్లలు కాకుండా ఆపరేషన్ అయింది కదా, లూప్ ఎందుకు" అని మీకు అనిపించవచ్చు. ఇది పిల్లల కోసం కాదు. ప్రొజెస్టరాన్ మందును నేరుగా గర్భసంచి గోడకు, అతి తక్కువ మోతాదులో, సుమారు ఐదేళ్లు ఇస్తుంది. రక్తస్రావాన్ని ఆపడంలో దీనికి మించిన మందు లేదు. మొదటి మూడు నుంచి ఆరు నెలలు చుక్కలు చుక్కలుగా పోవడం ఉంటుంది. అయితే ఇది అండాశయాన్ని సరిగా నిద్రపుచ్చదు, అండం విడుదలవుతూనే ఉంటుంది, కాబట్టి చాక్లెట్ సిస్ట్ మీద దీని పట్టు తక్కువ. గోడకు బాగా పనిచేసే మందు సిస్ట్‌కు తక్కువ, సిస్ట్‌కు బాగా పనిచేసేది మొదట్లో రక్తస్రావం పెంచవచ్చు. మీకు ఒక్క చీటీతో తేలకపోవడానికి కారణం ఇదే.

ఇంకో అడ్డంకి కూడా ఉంది. మీ గర్భసంచి కొలతలు 10.4, 6.2, 6.8 సెంటీమీటర్లు. మూడింటినీ గుణించి 0.52తో గుణిస్తే దాదాపు 230 మిల్లీలీటర్లు వస్తుంది. 150 దాటిన గర్భసంచిలో లూప్ జారిపోయే అవకాశం పెరుగుతుంది. అందుకని కొందరు డాక్టర్లు ముందు నెలకొకటి చొప్పున రెండు మూడు లూప్రోలైడ్ ఇంజెక్షన్లు ఇస్తారు. అవి అండాశయాన్ని తాత్కాలికంగా ఆపుతాయి, గర్భసంచి కుదించుకుంటుంది, నెలసరి ఆగి రక్తం పెరుగుతుంది, అప్పుడు లూపో, డైనోజెస్టో మొదలుపెడతారు. మొదటి ఇంజెక్షన్ తర్వాత ఒకసారి రక్తస్రావం రావచ్చు. ఒంట్లో వేడి ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం ఉంటాయి. ఆరు నెలలు దాటితే ఎముకలు బలహీనపడతాయి కాబట్టి దాన్నే శాశ్వత మందుగా నడపకూడదు. మీ పరిస్థితిలో నాకు బాగా సబబుగా కనబడే దారి ఇదే. దీని నష్టం కూడా చెప్పాలి. మందు ఆపితే జబ్బు తిరిగొస్తుంది. మన దగ్గర సగటున నలభై ఆరు, నలభై ఏడేళ్లకు నెలసరి ఆగుతుంది. అంటే మీరు ఏడెనిమిదేళ్లు మందుతో నడవాలి, మధ్యలో ప్రతి ఆరు నెలలకూ సిస్ట్‌ను చూపించుకోవాలి.

సిస్ట్ ఒక్కటే లాప్రోస్కోపీలో తీయడం గురించి. తీస్తే ఆ పక్క నొప్పి కొంత తగ్గవచ్చు. కానీ మీ గోడ అలాగే ఉంటుంది, గడ్డలు పడుతూనే ఉంటాయి, వెనక సందును ముట్టుకోకపోతే మలవిసర్జన నొప్పీ ఉంటుంది. సిస్ట్ పొరతో పాటు మంచి అండాశయం కొంత కూడా పోతుంది. 3.6 సెంటీమీటర్ల సిస్ట్, అనుమానం లేని రూపం, తొందర ఏమీ లేదు.

గర్భసంచి తీయడం. అత్తమ్మగారు అన్నదాంట్లో నిజం ఉంది. అడినోమయోసిస్‌కు అదే శాశ్వత చికిత్స. రక్తస్రావం ఆ రోజుతో ఆగిపోతుంది. కానీ గర్భసంచి ఒక్కటే తీసి, వెనక సందులో అంటుకున్నదాన్నీ అండాశయంలోని సిస్ట్‌నూ వదిలేస్తే, మీ మలవిసర్జన నొప్పి, కలిసినప్పటి నొప్పి మిగిలిపోతాయి. నర్సంపేట దిక్కు నుంచి ఒకామె నా దగ్గరికి వచ్చింది. ముప్పై ఆరేళ్లకే గర్భసంచి తీయించుకుంది. చేతిసంచిలోంచి బయాప్సీ రిపోర్టు తీసి బల్ల మీద పెట్టి, "అడినోమయోసిస్ పోయిందని రాసిన్రు, మరి నాకు నెలనెలా ఇంకెక్కడి నుంచి నొస్తున్నది మేడమ్" అని అడిగింది. నెలసరి లేదు, కానీ తారీఖు ప్రకారం నొప్పి వస్తోంది. అండాశయాలు ఉన్నాయి కదా, హార్మోన్ ఆడుతూనే ఉంది, వెనక మిగిలిన ముక్కలు దానికి స్పందిస్తూనే ఉన్నాయి. ఆమెకు చేసిన ఆపరేషన్ తప్పు కాదు, సగం.

అలాగని అండాశయాలు రెండూ తీసేయమని ఒప్పుకోకండి. ముప్పై తొమ్మిదేళ్లకే ఒక్కసారిగా ఈస్ట్రోజెన్ ఆగిపోతే ఎముకలకూ గుండెకూ దెబ్బ, మిగతా వయసంతా దాని లెక్క చూసుకోవాలి. అలా తీయాల్సి వచ్చినా మామూలుగా నెలసరి ఆగే వయసు వరకు హార్మోన్ చికిత్స ఇవ్వడం గురించి ముందే మాట్లాడుకోవాలి.

కాబట్టి ఆపరేషనే కావాలనుకుంటే, అది హక్కుగా కోరుకోదగ్గ నిర్ణయమే, "గర్భసంచితో పాటు వెనక సందులోని ఎండోమెట్రియోసిస్‌ను కూడా అదే సిట్టింగ్‌లో తీస్తారా, అండాశయాలు ఉంచుతారా, పేగు అంటుకుని ఉంటే పేగు సర్జన్ పక్కన ఉంటారా" అని అడగండి. మీకు రెండు సిజేరియన్లు అయ్యాయి, ముందువైపు మూత్రాశయం గర్భసంచికి అంటుకుని ఉండవచ్చు. వెనక పేగు. రెండు వైపులా అంటుకున్న ఆపరేషన్ ఇది. దీన్ని మామూలు గర్భసంచి ఆపరేషన్‌లా గంటలో ముగుస్తుందని చెప్పేవాళ్ల దగ్గర చేయించుకోవద్దు. వరంగల్‌లో లోతైన ఎండోమెట్రియోసిస్ ఆపరేషన్లు క్రమంగా చేసేవాళ్లు దొరికితే సరే, లేకపోతే ఎంఆర్ఐ పట్టుకుని హైదరాబాద్ ఒకసారి చూపించుకోండి.

అత్తమ్మగారి మాట మన ఊళ్లలో ఎంత మామూలైపోయిందో నాకు తెలుసు. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశమంతటా 3.2 శాతం ఉంటే, తెలంగాణలో 7.7. ఆవిడ చూసిన ఆడవాళ్లలో ఎంతోమందికి అదే జరిగింది కాబట్టి ఆవిడకు అదే దారి తెలుసు. కోపం తెచ్చుకోకండి. "తీస్తే రక్తం ఆగుతది, నొప్పి మొత్తం పోదు" అని ఆ ఒక్క మాట చెప్పండి. వీలైతే తర్వాతి సారి డాక్టర్ దగ్గరికి మీ ఆయన్ని వెంట తీసుకెళ్లండి. కలిసినప్పటి నొప్పి సంగతి ఆయన డాక్టర్ నోట వింటే ఇంట్లో సగం భారం దిగుతుంది.

వచ్చే రెండు నెలలు ఒక క్యాలెండర్ మీద రోజూ రెండు విషయాలు రాయండి: ఎన్ని ప్యాడ్లు మార్చారు, నొప్పి ఎక్కడ, అంటే పొత్తికడుపు మధ్యలోనా, వెనకా, కుడి పక్కనా. మందు మొదలయ్యాక ఏ నొప్పి తగ్గింది, ఏది తగ్గలేదు అన్నది ఆ కాగితమే చెబుతుంది. రక్తం ఆగి వెనక నొప్పి అలాగే ఉంటే, లోపల మిగిలింది ఎండోమెట్రియోసిస్ అని, తర్వాతి అడుగు దాని కోసమని డాక్టర్‌కు తెలుస్తుంది. గంటకో ప్యాడ్ పూర్తిగా తడుస్తూ రెండు గంటలు దాటినా, కళ్లు తిరిగినా, కుడి పక్క ఉన్నట్టుండి భరించలేని నొప్పి వచ్చినా క్యాలెండర్ పక్కన పెట్టి, ఆ రాత్రే ఎంజీఎంకో దగ్గర్లోని పెద్దాసుపత్రికో వెళ్లండి, ఈ రెండు రిపోర్టులూ వెంట పెట్టుకుని.